మిలింద్ ఎప్పుడు పోయాడు?

పోయిన నవంబరులో 'ద ఫ్యామిలీ మ్యాన్' మూడో సీజన్ వచ్చిన రోజు రాత్రి, మా ఇంట్లో మొదటి ఎపిసోడ్ మొదలవడానికి నలభై నిమిషాలు పట్టింది. నెట్ బాగానే ఉంది, టీవీ బాగానే ఉంది. గొడవంతా ఆ సిరీస్‌లో గూఢచారి జట్టులో ఒకడైన మిలింద్ గురించి.

మిలింద్ మొదటి సీజన్ చివర్లో ఢిల్లీ కెమికల్ ఫ్యాక్టరీలో పోయాడని నేనన్నాను. "కాదండీ, రెండో సీజన్లో పోలీస్ స్టేషన్ మీద దాడి జరుగుతుంది చూడండి, అక్కడ పోతాడు" అంది మా ఆవిడ. ఆ రోజు భోజనానికి వచ్చిన మా బావమరిది ఇంకో మాట అన్నాడు. "అసలు పోలేదు బావా, వీల్‌చెయిర్‌లో ఉంటాడు కదా!" ముగ్గురం అదే సోఫాలో కూర్చుని, అదే టీవీలో, అదే సిరీస్ చూసినవాళ్ళమే. ఎవరి జ్ఞాపకం మీద వాళ్ళకి అనుమానమన్నదే లేదు.

ఒప్పు మా ఆవిడది. వీల్‌చెయిర్‌లో ఉన్నది అతని జట్టులోనే పనిచేసే జోయా. నేను ఫ్యాక్టరీలో చంపేసిన మనిషి ఆ తర్వాత దాదాపు సీజన్ అంతా నా కళ్ళ ముందే తిరిగాడు. కుమిలిపోయాడు, మళ్ళీ తుపాకీ పట్టాడు. అవన్నీ నేను చూశాను. కానీ నా బుర్ర అతన్ని రెండేళ్ళు ముందే పంపించేసింది.

మొదటి సీజన్ 2019 సెప్టెంబరులో వచ్చింది, రెండోది 2021 జూన్‌లో. మూడోది వచ్చేసరికి 2025 నవంబరు 21. అంటే చివరిసారి కథానాయకుడు శ్రీకాంత్ తివారీని చూసి నాలుగేళ్ళ అయిదు నెలలు. మా అబ్బాయి మొదటి సీజన్ అప్పుడు ఏడో తరగతి. 'పిల్లలు చూసేది కాదు, పడుకో' అని గదిలోకి పంపించేవాళ్ళం. ఇప్పుడు వాడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం.

ఆ రాత్రి రెండు పక్షాలయ్యాయి. నాలుగు నిమిషాల రీక్యాప్ చూసి మొదలుపెట్టేద్దామని మా ఆవిడ. పంతొమ్మిది ఎపిసోడ్లూ మొదటి నుంచి చూశాకే కొత్తది ముట్టుకోవాలని బావమరిది. ఎపిసోడ్‌కి ముప్పావు గంట వేసుకున్నా పద్నాలుగు గంటల పని. వాడికి పెళ్ళి కాలేదు, ఏమైనా చెబుతాడు. రీక్యాపే గెలిచింది. కానీ మొదటి ఎపిసోడ్ అయ్యాక నాకేదో వెలితిగా అనిపించి అక్కడితో ఆపేశాను. మా ఆవిడ మాత్రం రెండు రాత్రుల్లో ఏడు ఎపిసోడ్లూ పూర్తి చేసేసింది. నేను మా అబ్బాయిని తోడు తీసుకుని మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌కి వెళ్ళి, మూడు వారాల్లో అన్నీ మళ్ళీ చూశాను. రెండు పద్ధతుల రుచీ చూశాను కాబట్టి రాస్తున్నాను. మొదటి రెండు సీజన్ల కథ ఇందులో దాచలేదు, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. మూడోదాని గుట్టు మాత్రం విప్పను.

రీక్యాప్ ఎవరి కోసం కట్ చేస్తారు

రీక్యాప్ అంటే 'ఇప్పటిదాకా జరిగింది' అనుకుంటాం. నిజానికి అది 'ఇక ముందు జరగబోయేదానికి కావలసింది'. కొత్త సీజన్ చేతిలో పెట్టుకుని, దానికి పనికొచ్చే ముక్కలు పాతవాటిలో ఏరుకుంటారు. కనుక రీక్యాప్ చూడటమే ఒక రకంగా కొత్త సీజన్ గుట్టు కొంత తెలుసుకోవడం. మీరు పూర్తిగా మరిచిపోయిన మొహం ఒకటి అందులో రెండు సెకన్లు కనిపించిందంటే, ఆ మనిషి వస్తున్నాడన్నమాట. కనిపించకపోతే రాడు. రీక్యాప్ చూస్తూ మా బావమరిది "ఓహో, ఈవిడ మళ్ళీ ఉందన్నమాట" అని పైకే అన్నాడు. తర్వాత ఆ పాత్ర వచ్చినప్పుడు కలగాల్సిన ఆశ్చర్యం అక్కడే ఖర్చయిపోయింది.

ఇది ఏ సిరీస్‌కైనా ఉన్న గొడవే. 'ఫ్యామిలీ మ్యాన్' విషయంలో ఇంకో చిక్కుంది, అసలు నా అభ్యంతరం దాని మీదే.

ఈ సిరీస్‌లో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి శ్రీకాంత్ పనిచేసే 'టాస్క్' అనే గూఢచారి విభాగం ఆఫీసు కథ, ఇంకోటి ఇంటి కథ. ఆఫీసు కథ సీజన్ సీజన్‌కీ మారిపోతుంది. మొదటి సీజన్లో మూసా, ఢిల్లీ మీద గ్యాస్ దాడి పన్నాగం. రెండోదానిలో సమంత చేసిన రాజీ, చెన్నై మీదికి వచ్చే విమానం. మూడోదానిలో ఈశాన్య రాష్ట్రాలు, జైదీప్ అహ్లావత్ చేసిన రుక్మ. శత్రువు మారతాడు, ఊరు మారుతుంది, భాష మారుతుంది. రాజీ ఎవరో తెలియకపోయినా రుక్మ కథ అర్థమవుతుంది.

ఇంటి కథ అలా కాదు. శ్రీకాంత్, భార్య సుచి, పిల్లలు ధృతి, అథర్వ్ మధ్య జరిగేది ఎక్కడా తెగదు. మొదటి ఎపిసోడ్లో మొదలైన ముడి మూడో సీజన్‌కీ బిగుస్తూనే ఉంటుంది. అంటే వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవలసింది ఇంటి కథ, మరిచిపోయినా ఫర్వాలేనిది ఆఫీసు కథ. మరి రీక్యాప్‌లో ఏముంటుంది? పేలుళ్ళు, పరుగులు, తుపాకులు. ఇంటికి దక్కేది చివర్లో ఓ చిన్న ముక్క, భార్యాభర్తలు ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు షాట్లు. పేలుడుని మూడు సెకన్లలో చూపించొచ్చు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన ఇద్దరు ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర మాట్లాడుకోకుండా తింటుంటే ఎంత బరువుగా ఉంటుందో మూడు సెకన్లలో చూపించలేరు. కట్ చేసేవాళ్ళ తప్పు కాదది, రీక్యాప్ అనే వస్తువే అంత.

లోనావాలా సంగతి

దీనికి లోనావాలాకి మించిన ఉదాహరణ దొరకదు. సుచి తన సహోద్యోగి అరవింద్‌తో ఆఫీసు పని మీద లోనావాలా వెళుతుంది. రాత్రి హోటల్లో ఉండిపోతారు. ఏం జరిగిందో కెమెరా చూపించదు. తర్వాత సుచి మొహంలో ఏదో తేడా. రెండో సీజన్ అంతా ఆ తేడా మోస్తూనే ఉంటుంది, చివర్లో భర్తకి ఏదో చెప్పబోతుంది, అక్కడ ఆపేశారు. నాలుగేళ్ళు 'లోనావాలాలో ఏం జరిగింది' అన్నది జోకుల్లోకీ మీముల్లోకీ పాకిపోయింది.

సీజన్ వచ్చిన వారంలో నేను నాలుగైదు రీక్యాప్ వీడియోలు చూశాను, తెలుగువీ ఇంగ్లీషువీ. వాటిలో సుచి కథ మొత్తం ఒక్క వాక్యం: సుచికి అరవింద్‌తో అఫైర్ ఉంది. అంతే! రెండు సీజన్లు చెప్పకుండా దాచిన విషయాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. సుచి అరవింద్‌ని చూసి నవ్వే షాట్, వెంటనే శ్రీకాంత్ అనుమానంగా చూసే షాట్ పక్కపక్కన అతికిస్తే ఎవరికైనా అదే అర్థం వస్తుంది. అసలు ఎపిసోడ్లలో ఆ రెండిటి మధ్యా బోలెడంత ఉంది. ఉద్యోగం మారాలా వద్దా అని ఆవిడ పడే తర్జనభర్జన ఉంది. భర్త ప్రతిసారీ అబద్ధం చెప్పి ఇంట్లోంచి వెళ్ళిపోవడం ఉంది. పిల్లల స్కూలు, ఇంటి లోను ఉన్నాయి.

2019లో నేను సుచి మీద కోపంతోనే చూశాను. దేశం కోసం వాడు చస్తుంటే ఈవిడ ఇలా ఉందేమిటి అనుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా అదే నిజం. ఇప్పుడు వరసగా చూస్తే నా కళ్ళకి వేరే కనిపించింది. భర్త ఏం ఉద్యోగం చేస్తున్నాడో కూడా సరిగ్గా తెలియని మనిషి ఆవిడ. ఆయన ఫోన్ మోగితే చాలు, ఆవిడ మాట్లాడుతున్న వాక్యం సగంలో ఆగిపోతుంది. మొదటి సీజన్లో అలా ఆగిపోయిన వాక్యాలు ఎన్నో లెక్కపెడదామనుకుని మొదలుపెట్టాను, కాసేపటికి మానేశాను. రీక్యాప్‌లో ఇవేవీ రావు. సగం వాక్యాన్ని ఎవరు కట్ చేసి పెడతారు?

రెండో సీజన్లో భార్యాభర్తలు కౌన్సెలర్ దగ్గరికి వెళతారు. ఆ కౌన్సెలర్‌గా వేసింది ఆసిఫ్ బస్రా. 2021లో ఆ సీన్‌కి పడీపడీ నవ్వాం. శ్రీకాంత్ వంకరటింకర జవాబులు అలా ఉంటాయి. ఈసారి నవ్వు వస్తూ వస్తూ ఆగిపోయింది. బస్రా 2020 నవంబరులోనే పోయారు, ఆ సీజన్ జనం ముందుకి వచ్చేసరికే ఆయన లేరు. మొదటిసారి చూసినప్పుడు నాకది తట్టలేదు. ఇంకో సంగతీ తట్టలేదు. ఆ సీన్లో సుచి ఒక్కసారి కూడా నవ్వదు. నవ్వంతా మనదీ శ్రీకాంత్‌దీ.

ఎందుకింత మరిచిపోయాం

మిలింద్ గొడవ తర్వాత నాకో ప్రయోగం గుర్తొచ్చింది. 2017లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరికి ఒక బ్రిటిష్ గూఢచారి సిరీస్ చూపించారు. ఆరు ఎపిసోడ్లు. కొందరికి వారానికొకటి, కొందరికి రోజుకొకటి, ఇంకొందరికి ఒకే కూర్చోవడంలో మొత్తం. మర్నాడు అడిగితే ఒకేసారి చూసినవాళ్ళకే బాగా గుర్తుంది. 140 రోజుల తర్వాత అడిగితే వాళ్ళ జ్ఞాపకమే అందరికంటే ఎక్కువగా పడిపోయింది. వారానికొకటి చూసినవాళ్ళకి మొదట తక్కువే గుర్తున్నా, పోగొట్టుకున్నదీ తక్కువే. చూసినవాళ్ళు యాభై చిల్లర మందే కాబట్టి దాని మీద మేడలు కట్టక్కర్లేదు. మా ఇంటి సంగతికి మాత్రం సరిగ్గా సరిపోయింది. మొదటి సీజన్ మేం చూసింది ఒకే శని, ఆదివారాల్లో. ఫ్యాక్టరీ సీను వచ్చేసరికి తెల్లవారుజామున రెండున్నర. ఆ మత్తులో చూసిన మిలింద్ బతికాడో పోయాడో నా బుర్ర ఎక్కడ రాసుకుంటుంది?

దానికి తోడు ఈ సిరీస్ మన జ్ఞాపకంతో కావాలనే ఆడుకుంటుంది. మొదటి సీజన్ మిలింద్, జోయా ఫ్యాక్టరీలో ఇరుక్కుని ఉండగా ఆగిపోతుంది. రెండో సీజన్ తెరుచుకుంటే ఆ ఊసే లేదు. శ్రీకాంత్ టాస్క్ వదిలేసి ఐటీ కంపెనీలో కూర్చుని, తన కంటే సగం వయసున్న బాసు చేత 'మినిమమ్ గై' అనిపించుకుంటూ ఉంటాడు. ఢిల్లీలో ఏమైందో మనకి ముక్కలు ముక్కలుగా తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్ళు నింపుకున్నారు. నేను మిలింద్‌ని చంపేసుకున్నాను.

రెండు సీజన్లకీ కలిపి చేసిన రీక్యాప్ ఈ ఖాళీని కూడా పూడ్చేస్తుంది. ఢిల్లీలో ఇలా జరిగింది, అందుకే శ్రీకాంత్ ఉద్యోగం మానేశాడు అని వరసలో పెట్టి చెబుతుంది. వినడానికి సుఖంగా ఉంటుంది. కానీ దర్శకులు పనిగట్టుకుని తలకిందులు చేసిన వరస అది.

మళ్ళీ చూస్తే పోయేవి

ఇంతవరకూ చదివి నేను బావమరిది పక్షం చేరిపోయాననుకోకండి. మొత్తం మళ్ళీ చూడటంలో నాకు ఎదురైన ఇబ్బందులు చిన్నవి కావు.

మొదటిది మా ఆఫీసు. నేను మొదటి సీజన్లో ఏడో ఎపిసోడ్ దగ్గర ఉండగా మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన మూడో సీజన్లో ఎవరు పోతారో పేరుతో సహా పెట్టేశాడు, కింద ఏడుపు బొమ్మ ఒకటి. మూడు వారాల పాటు అందరి కళ్ళూ నోళ్ళూ తప్పించుకు తిరగడం అయ్యే పని కాదు. పాతది సరిగ్గా గుర్తు చేసుకోవాలని కూర్చుంటే కొత్తది చెడింది.

రెండోది నిద్ర. ఏం జరుగుతుందో తెలిసిన వెంటాడే సీన్ అంత బోరు ఇంకోటి లేదు. బాంబు ఎక్కడుందో, ఎవరు తప్పించుకుంటారో తెలిశాక పది నిమిషాల పరుగు పది నిమిషాల పరుగే. మొదటి సీజన్ చివరి మూడు ఎపిసోడ్లలో నేను రెండుసార్లు గుర్రు పెట్టానని మా వాడు చెప్పాడు. వాడు మాత్రం సోఫా అంచున కూర్చుని చూశాడు, వాడికది మొదటిసారి కదా.

ఇక్కడొక పక్కదారి. పద్దెనిమిదేళ్ళ కొడుకు పక్కన కూర్చుని ఈ సిరీస్ చూడటం వేరే టెన్షన్. శ్రీకాంత్ సహోద్యోగి జేకే నోరు తెరిస్తే చాలు రిమోట్ మీద నా బొటనవేలు. సౌండ్ తగ్గిస్తే కింద సబ్‌టైటిల్‌లో అదే బూతు ఇంకా స్పష్టంగా పడుతుంది. "నాన్నా, మా హాస్టల్లో ఇంతకంటే ఎక్కువే వింటాం, వదిలెయ్" అన్నాడు వాడు. వదిలేశాను.

మూడోది ప్రేమ తగ్గిపోవడం. 2019లో కొత్తగా అనిపించిన కొన్ని జోకులు ఇప్పుడు అరిగిపోయాయి. ఆఫీసులో శ్రీకాంత్, జేకే వేసుకునే కౌంటర్లు ఆరేళ్ళలో ఎన్ని సిరీస్‌లు, సినిమాలు వాడుకున్నాయో. తాత జేబులోంచి తీసిన పిప్పరమెంటు జ్ఞాపకంలోనే తీపి, ఇప్పుడు చప్పరిస్తే ఉత్త పంచదార. ఇష్టమైన సిరీస్‌ని మళ్ళీ చూడనివాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళు కాపాడుకుంటున్నది కథని కాదు, ఆ కథ చూసిన రోజుల్ని.

'అమృతం' గుర్తుందిగా. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చి, మళ్ళీ 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం'గా వచ్చింది. దానికి రీక్యాప్ అక్కర్లేదు, ఏ వారం కథ ఆ వారానిదే. అయినా నేను కొత్తది చూసే ముందు పాతవి ఓ పది యూట్యూబ్‌లో వేసుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఆంజనేయులు అంటే గుండు హనుమంతరావు అని మళ్ళీ మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఆయన 2018లోనే పోయారు. కొత్తదానిలో ఎల్.బి. శ్రీరామ్ ఎంత బాగా చేసినా నాకు పరాయి మనిషిలానే కనిపించాడు. పాతవి వేసుకోకుండా ఉంటే ఆయన్ని సుఖంగా ఒప్పుకునేవాణ్ణేమో.

మూసా, కరీం

అయినా మొత్తం మళ్ళీ చూసినందుకు పశ్చాత్తాపం లేదు. దానికి కారణం ఇద్దరు.

ఒకడు మూసా. నీరజ్ మాధవ్ చేశాడు. ఆస్పత్రి మంచం మీద బిక్కుబిక్కుమంటూ, వాళ్ళమ్మ పేరు చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకునే కుర్రాడు. పొరపాటున ఇందులో చిక్కుకున్నాడు పాపం అనుకుంటాం. శ్రీకాంతూ అలాగే అనుకుంటాడు. తర్వాత తెలుస్తుంది, అసలు సూత్రధారి వాడే అని. రీక్యాప్‌లో మూసా అంటే 'టెర్రరిస్టు'. మొదటిసారి చూసినవాడికి 'మోసపోయాను'. రెండోసారి చూసినవాడికి మాత్రమే ఇంకో మూసా దొరుకుతాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడని తెలిసి చూస్తూ కూడా, అమ్మ గురించి మాట్లాడేటప్పుడు అది అబద్ధమని నేను చెప్పలేకపోయాను. సస్పెన్స్ పోయినచోట ఇది వచ్చింది. వెంటాడే సీన్లకి ఈ అదృష్టం లేదు, నటన ఉన్న సీన్లకే ఉంది.

ఇంకొకడు కరీం. నిజం చెప్పాలంటే ఈ కుర్రాణ్ణి నేను పూర్తిగా మరిచిపోయాను, పేరు కూడా. కాలేజీ కుర్రాడు. నిరసనగా ఏదో చేద్దామనుకుంటాడు, టాస్క్ వాళ్ళు టెర్రరిస్టు అనుకుని కాల్చేస్తారు. తర్వాత చూస్తే వాడి దగ్గర ఆయుధమే లేదు. కథాపరంగా అది మొదటి సీజన్ మొదటి సగంలోనే ముగిసిపోతుంది, తర్వాత సీజన్లకి 'కావలసింది' కాదు. అందుకే నేను చూసిన ఏ రీక్యాప్‌లోనూ కరీం లేడు.

మళ్ళీ చూసినప్పుడు నా మనసులో ఉన్న శ్రీకాంత్ అక్కడే మారిపోయాడు. 2021లో అతను టాస్క్ వదిలేసింది ఢిల్లీ గ్యాస్ వల్లే అనుకున్నాను. కరీంని చూశాక, ఆ ఐటీ ఆఫీసు క్యూబికల్లో కూర్చున్న మనిషి ఇంకో లెక్క కూడా మోస్తున్నాడని నాకు అనిపించింది. సిరీస్ ఆ మాట అనదు. నేనే కలుపుకున్నాను, తప్పే కావచ్చు. కానీ కలుపుకోవడానికి రెండూ నా బుర్రలో ఒకేసారి ఉండాలి కదా.

మా అబ్బాయి కరీం ఎపిసోడ్ అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వీళ్ళు దీన్ని ఇలా వదిలేస్తారా?" అని అడిగాడు. వదిలేస్తారని నాకు తెలుసు, చెప్పలేదు. 2019లో అదే చోట నేనేం చేశానో గుర్తు తెచ్చుకోబోయాను. టైము చూసుకుని తర్వాతి ఎపిసోడ్ నొక్కి ఉంటాను.

అయితే ఏం చేయాలంటావ్ బావా

బావమరిది వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న. మా ఆవిడ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. "వాళ్ళు మనం మరిచిపోతామని తెలిసే రాస్తారండీ. మరిచిపోయినవాడికి కూడా అర్థం కాకపోతే అది వాళ్ళ తప్పు, నేనెందుకు పద్నాలుగు గంటలు పరీక్షకి చదవాలి?" అంటుంది. నిజమే, మూడో సీజన్ మొదటి ఎపిసోడే ఎవరు ఎవరో మళ్ళీ పరిచయం చేసుకుంటుంది. ఆవిడ హాయిగా చూసింది, ఎక్కడా తికమకపడలేదు. పైగా ధృతి, అథర్వ్ అంత ఎదిగిపోయి కనిపించినప్పుడు ఆవిడకి ముచ్చటేసింది, చుట్టాల పిల్లల్ని నాలుగేళ్ళ తర్వాత పెళ్ళిలో చూసినట్టు. మూడు సీజన్లూ అదే పిల్లలు చేశారు కదా. నాకైతే బుధవారం నా నడుం ఎత్తున్న పిల్లాడు శనివారానికి భుజం దాటిపోయాడు. నాలుగేళ్ళ ఎడబాటుకి కూడా ఒక పని ఉంది, వరసగా చూసి ఆ పనిని నేను చెడగొట్టుకున్నాను.

అందుకని ఇప్పుడు నా లెక్క ఇది. తెగిపోయే కథకి రీక్యాప్ చాలు, తెగని కథని మాత్రం కళ్ళతో చూడాలి. ఈ సిరీస్ వరకూ అంటే: మొదటి సీజన్లో మొదటి ఎపిసోడ్, కరీం కథ నడిచేవి, చివరిది. రెండోదానిలో మొదటి ఎపిసోడ్, చివరి రెండు. మొత్తం కలిపి అయిదారు గంటలు, ఒక ఆదివారం. మిగతాది ఎవరినైనా చెప్పమనండి, లేదా చదువుకోండి. అది కూడా కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్ చూశాకే. అప్పుడైతే రీక్యాప్ మీకు గుట్టు విప్పేది కాదు, మీరు అడిగిన ప్రశ్నకి జవాబిచ్చేది అవుతుంది. ఎపిసోడ్ ముందు వచ్చే దాన్ని స్కిప్ చేసే బటన్ ఉండనే ఉంది.

అన్ని సిరీస్‌లకీ ఇది నప్పదు. జర్మన్ 'డార్క్' లాంటిది అయిదారు ఎపిసోడ్లు ఏరుకుని చూస్తే ఎవరు ఎవరికి తాతో, ఎవరు ఎవరికి మనవడో తేలక పిచ్చెక్కుతుంది. అక్కడ ఇల్లే కేసు, కేసే ఇల్లు. విడదీయడానికి రాదు. అలాంటివాటికి మొత్తం చూడాలి, లేదా వదిలెయ్యాలి. 'ఫ్యామిలీ మ్యాన్' తీసిన రాజ్, డీకేలు మాత్రం విడదీయడానికి వీలుగానే కట్టారు. ఇద్దరూ మన చిత్తూరు జిల్లా వైపు వాళ్ళే. ఉమ్మడి ఇళ్ళలో వీధి వాకిలి వేరు, పెరటి వాకిలి వేరు ఉన్నట్టు వీళ్ళ కథకీ రెండు దారులు పెట్టారు. నేను పెరటి దారినే వెళ్ళమంటున్నాను.

"అయితే నేను పంతొమ్మిది అన్నది తప్పా?" అన్నాడు బావమరిది. తప్పు కాదు. మొదటిసారి చూసేవాడు పక్కన ఉంటే పంతొమ్మిదీ చూడొచ్చు. మా వాడు లేకపోతే నేను ఎనిమిదో ఎపిసోడ్ దాటేవాణ్ణి కాదు. నా నిద్రలో పోయిన సస్పెన్సంతా వాడి మొహంలో దొరికింది. మూసా అసలు రంగు బయటపడినప్పుడు నేను టీవీ వైపు చూడలేదు, వాడివైపే చూశాను.

మూడో సీజన్ కూడా తెగకుండానే ఆగింది. నాలుగోది ఎప్పుడొస్తుందో, అప్పటికి మావాడు ఏ ఊళ్ళో ఉంటాడో. ఈసారి మాత్రం చూసిన మర్నాడే పాల లెక్కల పుస్తకం వెనక అట్ట లోపల, ఎవరి రీక్యాప్ వాళ్ళు పది లైన్లు రాయాలని ఒప్పందం చేసుకున్నాం. నేను ముందు రాశాను. ఎవరెక్కడున్నారు, ఎవరు పోయారు, తుపాకీ ఎవరి చేతిలో ఉంది. మా అబ్బాయి బాణాలూ గీతలూ గీసి బొమ్మ వేశాడు. మా ఆవిడ పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు తెచ్చి ఇచ్చింది. పది లైన్లు కాదు, మూడే ఉన్నాయి. మొదటి లైను: "మిలింద్ పోలీస్ స్టేషన్లోనే పోయాడు." మిగతా రెండూ సుచి గురించి. నా పది లైన్లలో సుచి పేరే లేదు.